ఎడమవైపు చూడకుండా తొంభై సెకన్లు

“మీ కుర్రాళ్ళందరికీ ఒకేసారి మెడ పట్టేసిందా ఝాన్సీ గారూ?” అని అడిగింది ఫోన్లో అనూరాధ.

అనూరాధ విశాఖపట్నంలో ఒక ఏజెన్సీలో పనిచేస్తుంది. మనుషుల్ని విదేశీ కంపెనీలకి పంపించే ఏజెన్సీ అది. ఝాన్సీకి నరసన్నపేటలో, దర్జీ కొట్టు మీది మేడగదిలో, స్పోకెన్ ఇంగ్లీషు సెంటరుంది. బోర్డు మీద ఇంగ్లీషని రాసుంది గానీ అక్కడ తయారయ్యేవి వీడియోలు. ఇప్పటి కంపెనీలకి కాగితం మీద బయోడేటా ఒక్కటీ చాలడం లేదు. మనిషి కెమెరా ముందు కూర్చుని, తనెవరో, ఏ పని వచ్చో, ఎప్పుడు రాగలడో తొంభై సెకన్లలో ఇంగ్లీషులో చెప్పి పంపాలి. తొంభై సెకన్లట! మనవైపు మనిషికి ఊరు పేరు, ఇంటి పేరు, ఎవరి తాలూకో చెప్పేసరికే అంతకి రెండింతలవుతుంది.

“మెడేమిటి అనూరాధా?” అంది ఝాన్సీ.

“ఇదివరకు ఒకరిద్దరే అనుకున్నాం, ఈసారి మీరు పంపిన వీడియోల్లో ఒక్కొక్కడూ నిమిషం దాటగానే ఎడమవైపు తిరిగి చూస్తున్నాడు. చూసి, ‘ఆఁ’ అంటున్నాడు. మళ్ళీ కెమెరా వైపు తిరిగి మిగతాది చెప్తున్నాడు. పక్కనుంచి ఎవరో అందిస్తున్నారని కంపెనీవాళ్ళు బ్యాచి మొత్తం పక్కన పెట్టేశారు. ఇంకొక్కటి ఇలాంటిది వచ్చిందంటే మీ సెంటరునుంచి తీసుకోవద్దని మా సారు చెప్పేశారు.”

ఝాన్సీకి మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ ‘ఆఁ’ ఎక్కడిదో ఆమెకి తెలుసు.

నాలుగేళ్ళ కిందట కొండబాబని ఒక వెల్డరొచ్చాడు. నౌపడ ఉప్పుమళ్ళు దాటాక సముద్రం ఒడ్డున ఒక పేట ఉంది, అక్కడివాడు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి పైపు వెల్డింగు నేర్చాడు. సెంటరు పెట్టిన కొత్తలో ఝాన్సీ తీసిన మొదటి మంచి వీడియో అతనిదే. గొంతు నిబ్బరంగా ఉండేది, మాట తొట్రుపడేది కాదు. అయితే ‘మై ఫ్యామిలీ సపోర్ట్స్ మీ’ అన్న వాక్యం అయ్యాక ఎందుకో ఎడమవైపు, మెట్ల గుమ్మం వైపు తిరిగి, ‘ఆఁ’ అన్నాడు. ఎవరైనా పిలిస్తే పలుకుతామే, అలా. మళ్ళీ తిరిగి మిగతాది తడుముకోకుండా ముగించాడు. ఎడిటింగు చెయ్యకూడదు, ఒకే టేకులో ఉండాలని కంపెనీ నిబంధన. మళ్ళీ తీద్దామంటే పొద్దు వాలిపోయింది, వెలుతురు లేదు. ఉన్నదే పంపారు, సెలక్టయిపోయాడు.

ఆ రోజు నుంచి అది సెంటరుకి నమూనా వీడియో. కొత్తగా ఎవరొచ్చినా ఝాన్సీ ముందు అదే చూపిస్తుంది. ‘చూశారా, కుదురుగా ఎలా కూర్చున్నాడో, కెమెరా కంట్లోకి ఎలా చూస్తున్నాడో’ అని చెబుతుంది. మనవాళ్ళు చెప్పింది వినరు, చూసింది మాత్రం పొల్లు పోనివ్వరు. కుర్చీలో కూర్చోవడం నేర్చుకున్నారు, చేతులు ఒళ్ళో పెట్టుకోవడం నేర్చుకున్నారు, దాంతోపాటు ఎడమవైపు తిరిగి ‘ఆఁ’ అనడమూ నేర్చుకున్నారు.

ఆ సాయంత్రం క్లాసులో అందరినీ నిలబెట్టి అడిగింది. “సెలక్సనయిన వీడియో అదే గదా మేడమ్, అలా సూడ్డం కూడా ఇంటర్వ్యూలో పద్ధతేమో అనుకున్నాం” అన్నారు. తల కొట్టుకుంది ఝాన్సీ. అందరూ వెళ్ళిపోయాక నాగబాబు అనే ఫిట్టరు ఒక్కడూ గుమ్మం దగ్గర ఆగాడు.

“నాను కాపీ కొట్టనేదు మేడమ్” అన్నాడు నేల చూపులు చూస్తూ.

“మరి?”

“నన్నెవరో పిలిసినట్టే ఉన్నాది.”

“ఎవరూ?”

“ఆడమనిసి గొంతు. ఒక్కసారే పిలిసింది.” అంతకంటే ఏమీ చెప్పకుండా గబగబా మెట్లు దిగిపోయాడు. ఆ మేడకి బయటనుంచి ఇనప మెట్లు. మధ్యలో ఒక మెట్టుకి రేకు ఊడి ఉంది. ఎవరు ఎక్కినా దిగినా అది ఠంగుమంటుంది. నాగబాబు దిగుతున్నప్పుడూ ఠంగుమంది.

ఝాన్సీ ఇలాంటివి నమ్మే మనిషి కాదు. భయం దాచుకోలేక కుర్రాడు కథ అల్లాడనుకుంది. కొండబాబు వీడియో చూపించడం మాత్రం ఆ రోజు నుంచి మానేసింది. దానికి ఇంకో కారణం కూడా ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. వెళ్ళిన మూడో నెలలో గల్ఫు సముద్రంలో పనిచేస్తున్న బార్జి అనే చదును ఓడ మీంచి కొండబాబు నీళ్ళలో పడిపోయాడు. మనిషి దొరకలేదు. చనిపోయినవాడి మొహాన్ని రోజుకి నాలుగుసార్లు తెర మీద ఆడిస్తున్నానన్న సంగతి ఝాన్సీని లోపల తొలుస్తూనే ఉండేది. సెంటరు పని దెబ్బతింటుందన్న భయంతో దాన్ని ఇన్నాళ్ళూ తొక్కిపెట్టింది.

ఆ వారంలోనే కొండబాబు భార్య దేవి సెంటరుకి వచ్చింది.

పాతికా ముప్పై మధ్య వయసు. సన్నటి మనిషి. చేతులకి గాజుల్లేవు, మెడలో పసుపుతాడు ఉంది. కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది.

“పోలండులో సేపల ఫ్యాక్టరీకి మనుసులు కావాలన్నారంట. అనూరాధ మేడమ్ మీకాడికి ఎల్లమన్నారు. వీడియో సేసిపెట్టాలి మీరు” అంది.

ఝాన్సీ ఆమె మొహంలోకి చూసింది. “ఇక్కడ పనుంది కదమ్మా నీకు? రొయ్యల ప్లాంటులో కదా నువ్వు?” అంది.

“ఉన్నాది.”

“మరి అంత దూరం ఎందుకు?”

దేవి తన చేతులు చూసుకుంది. “ప్లాంటులో గాజులు ఏసుకోనివ్వరు మేడమ్, ఉంగరాలు ఏసుకోనివ్వరు. సుద్ధం కోసరం. అందరి సేతులూ ఒక్కలాగే ఉంతాయి. లోపలున్నంతసేపూ నన్నెవరూ ఏటీ అడగరు. గేటు దాటి బయటికొస్తే సాలు. పెళ్ళికెల్తే ముత్తయిదువుల వరసలో కూసోబెట్టాలా, మొగుడు పోయినోళ్ళ పక్కన కూసోబెట్టాలా ఎవలికీ తెలదు. మనిసి దొరకనేదు గదా. కర్మ సెయ్యనేదు. నాను ఆయన పెళ్ళాన్నో కాదో పేటలో ఎవలూ తేల్సరు. నాలుగేళ్ళు. నాను దేవిని అని సెప్పుకుంటే, సాలు, ఎల్లిపో, పన్జేసుకో అనే సోటుకి పోతాను.”

మాట నేరుగానే చెప్పింది, కళ్ళు కూడా తడి కాలేదు. ఝాన్సీ ఈ మనిషిని పంపించి తీరాలని అప్పుడే అనుకుంది. సెంటరు పేరు నిలవడం కోసం అని పైకి అనుకుంది గానీ అసలు కారణం అది కాదు.

పని మొదలుపెట్టారు. ఝాన్సీ పద్ధతి ఏమిటంటే, ముందు తెలుగులో చెప్పించుకుంటుంది, దాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు చేస్తుంది. మెల్లగా మాట్లాడితే తొంభై సెకన్లకి నూట డెబ్బై మాటలకి మించి పట్టవు. మొదట పేరు, ఊరు. పాస్‌పోర్టులో ఉన్న పేరే చెప్పాలి, ముద్దుపేర్లు కాదు. తర్వాత చేసిన పని, అదే సగం పైన ఉండాలి. రొయ్యల తలలు తియ్యడం, పొట్టు తియ్యడం, నల్లనరం లాగెయ్యడం, సైజుల వారీగా వేరు చెయ్యడం, ప్యాకింగు. చల్లటి గదిలో ఎన్ని గంటలు నిలబడగలదు, చేతులు ఎన్నిసార్లు కడుగుతుంది, జుట్టుకి టోపీ, మూతికి గుడ్డ. ఆ తర్వాత ఎందుకు రావాలనుకుంటున్నదీ, ఎప్పుడు చేరగలదీ. పాస్‌పోర్టు చేతిలో ఉందని ఒక మాట. థ్యాంక్యూ.

“రొయ్య పట్టుకుంటేనే ఏ సైజో తెల్సిపోద్ది మేడమ్ నాకు. అదీ రాయండి” అంది దేవి.

“రాస్తాను. కంపెనీవాళ్ళకి కావాల్సింది అలాంటివే.”

“ఆయన సంగతి ఎక్కడ సెప్పాలి?”

ఝాన్సీ పెన్ను ఆపింది. “ఎవరి సంగతి?”

“కొండబాబు గురించి. పెద్ద వెల్డరు, సముద్రంలో పనిసేసినోడు, అతని పెళ్ళాన్ని అని.”

ఝాన్సీ కాగితం పక్కకి జరిపింది. “అందులో ఆయన ఉండకూడదమ్మా. పెళ్ళయిందా లేదా, పిల్లలున్నారా, ఇంట్లో ఏం కష్టం వచ్చింది, అవేవీ వీడియోలో చెప్పకూడదు. వాళ్ళు చూసేది పని. జాలిపడి పిలిచారంటే నీకే మర్యాద కాదు.”

“తొంభై సెకన్లలో ఆయనకి ఒక్కటి కూడా లేదన్నమాట.”

“లేదు” అంది ఝాన్సీ. అనగానే ఆ మాట ఎంత కటువుగా ఉందో తనకే వినిపించింది. ఆయనకి పెట్టాలనుకున్న చోట, అందరికీ పెట్టే వాక్యమే పెట్టింది: ‘మై ఫ్యామిలీ సపోర్ట్స్ మీ.’

దేవి ఆ వాక్యాన్ని పదిసార్లు పలికి నేర్చుకుంది. నేర్చుకున్నాక, “ఆయన వీడియో మీకాడ ఉన్నాదంట. ఒక్కసారి సూపిస్తారా?” అంది.

“నువ్వు చూడలేదా ఇప్పటిదాకా?”

“ఆయన ఫోన్లో ఉండేది. ఫోనూ నీళ్ళలోకే ఎల్లిపోనాది.”

ఝాన్సీ లాప్‌టాప్ తెరిచి పెట్టింది. కొండబాబు తెర మీద కూర్చుని గుడ్ ఈవెనింగ్ సర్ అన్నాడు. దేవి కదలకుండా చూసింది. నిమిషం దాటింది. ఫ్యామిలీ సపోర్ట్స్ మీ అన్నాడు. ఎడమవైపు తిరిగి ‘ఆఁ’ అన్నాడు. మిగతాది చెప్పి ముగించాడు.

“మళ్ళీ పెట్టండి.”

మళ్ళీ పెట్టింది. ఆ ‘ఆఁ’ దగ్గర దేవి పెదవులు కదిలాయి.

“ఏ వేళప్పుడు తీసారిది?”

“సాయంత్రం. దీపాలు పెట్టే వేళ. వెలుతురు పోతోందని హడావుడి పడ్డాం. ఎవరో కింద పిలిచారేమో అనుకున్నాను నేను. మెట్ల మీదికి ఎవరూ రాలేదు.”

దేవి తల ఊపింది. “మా పేటలో ఒకటుంది మేడమ్. దీపాలేళ బయటినుండి ఎవలైనా పేరెట్టి పిలిస్తే పలకరు. మొదటిసారి పలకరు, రెండోసారీ పలకరు. మూడోసారి పిలిస్తేనే ‘ఆఁ’ అంతారు. మనిసి కానిది రెండుసార్లే పిలుస్తాది. దానికి మూడోసారి పిలవడం రాదు. సముద్రమ్మీద మరీను. పసిపిల్లలకి కూడా తెల్సు. ఆయనకీ తెల్సు.”

“మరి అలా పలికాడేం?”

“అదే సూస్తన్నాను నానూ” అంది దేవి. ఆ రోజుకి వెళ్ళిపోయింది.

ఆ మాట విన్నాక ఝాన్సీకి ఆ గదిలో సాయంత్రాలు మునుపటిలా లేవు. కిందినుంచి దర్జీ ఎవరినైనా పిలిచినా ఉలిక్కిపడేది. ఆమెని మరీ ఎక్కువగా తొలిచిందేమిటంటే, నాగబాబు ఆడగొంతు అన్నాడే, అది. తన మతిని తనే తిట్టుకుంది. చదువుకున్నదాన్ని, నలుగురికి చదువు చెప్పేదాన్ని, నాకిదేం మాయరోగం అనుకుంది.

దేవికి ప్లాంటులో షిఫ్టులు మారుతూ వచ్చాయి. వారం గడిచింది, ఇంకో రెండు రోజులు గడిచాయి. వాక్యాలు వచ్చేశాయి. ఇంగ్లీషు ముక్కలు ఆమె నోట్లో గట్టిగా, ఒక్కొక్కటీ విడివిడిగా పలికేవి. చూసి చదవడం కుదరదని ఝాన్సీ మొదటే చెప్పింది. చదివితే కళ్ళు అటూ ఇటూ తిరుగుతాయి, చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి మొత్తం కంఠతా రావాలి, వచ్చినా అప్పజెప్పినట్టు ఉండకూడదు. దేవికి అన్నీ కుదిరాయి. ఒక్కచోటే ఆగేది. ఫ్యామిలీ సపోర్ట్స్ మీ అనగానే ఆగి, మెడ ఒకింత ఎడమకి వాలేది.

“అటు చూడకు!” అని ఝాన్సీ అరిచేది.

“సూడ్నేదు మేడమ్.”

“చూడబోయావు. అటు చూశావంటే నీ పని అయిపోతుంది, నా పనీ అయిపోతుంది.”

“సూడను.”

ఆఖరి రోజు వచ్చింది. ఆ సాయంత్రం లోపల వీడియో పంపాలని అనూరాధ పొద్దున్నే ఫోన్ చేసింది. అది దాటాక పంపింది ఎంత బాగున్నా ఈ విడతకి చూడరంది. ప్లాంటులో లారీ ఆలస్యంగా వచ్చింది, సరుకు అయ్యేదాకా ఎవరినీ వదలలేదు. దేవి ఆటోలు మారి మెట్లెక్కేసరికి పొద్దు వాలింది. గోడ మీద ఎర్రటి వెలుతురు కిటికీ అంత మేర మిగిలింది. నాలుగేళ్ళ కిందట ఇదే గోడ, ఇదే వెలుతురు. ఝాన్సీకి అది గుర్తొచ్చింది, గుర్తు రానట్టు నటించింది.

తెల్లగోడ ముందు కుర్చీ వేసింది. వెలుతురు మొహమ్మీద పడేలా దేవిని కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టింది. ఫోన్ని స్టాండు మీద అడ్డంగా, కళ్ళకి సమంగా బిగించింది. చీర అంచుకి చిన్న మైకు తగిలించింది. ఆ మైకు పెట్టుకున్నాక ఫోను తెర మీద ఒక పచ్చ గీత కనిపిస్తుంది. మాట్లాడితే లేస్తుంది, ఊరుకుంటే పడిపోతుంది. దాన్ని చూస్తేనే గొంతు సరిగా వస్తోందో లేదో తెలుస్తుంది. కిందికి వెళ్ళి, ఒక్క రెండు నిమిషాలు మిషను ఆపమని దర్జీకి చెప్పింది. మెట్ల గుమ్మం తలుపు మూసి గొళ్ళెం పెట్టింది. ఎడమవైపు అదే గుమ్మం.

“దేవీ, ఒక్కటే టేకు. వెలుతురు ఇంకోదానికి ఆగదు. కెమెరా కంట్లోకే చూడు. భూకంపం వచ్చినా సరే.”

“అలగే” అంది దేవి.

ఝాన్సీ బొటనవేలితో ఎర్ర చుక్క నొక్కింది.

“గుడ్ ఈవెనింగ్ సర్. మై నేమ్ ఈజ్ దేవి.”

ఆ మొదటి వాక్యం ఆమె ఎప్పుడూ అంత బాగా పలకలేదు. తన పేరు తనకే కొత్తగా దొరికినట్టు పలికింది. ఝాన్సీ తెర చూస్తోంది. పచ్చ గీత మాటమాటకీ లేచి పడుతోంది. రొయ్యల సంగతి అయింది. చల్లగది అయింది. చేతులకి గాజులూ ఉంగరాలూ వేసుకోకుండా పనిచేస్తామన్న వాక్యం అయింది. తెర మీద టైము నిమిషం దాటింది.

“మై ఫ్యామిలీ సపోర్ట్స్ మీ.”

దేవి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. గదిలో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. పచ్చ గీత పడిపోవాలి. పడలేదు. కొంచెం పడి, దానంతటదే పైకి లేచింది, ఒక పేరు పలికేంతసేపు. పడిపోయింది.

మెట్ల రేకు మోగలేదు. మెట్లెక్కి ఎవరూ రాలేదు. దేవి మొహంలో రంగు పోయింది. కళ్ళు మాత్రం కెమెరా మీదే ఉన్నాయి.

“ఐ కెన్ వర్క్ ఇన్ నైట్ షిఫ్ట్స్ ఆల్సో.”

ఆగింది. పచ్చ గీత మళ్ళీ లేచింది. ఈసారి కొంచెం ఎక్కువ లేచింది. దేవి చెవి దగ్గరి జుట్టు కదిలిందని ఝాన్సీకి అనిపించింది. కిటికీ గాలేమో. ఆపెయ్యాలనుకుంది, బొటనవేలు ముందుకు పోలేదు. ఆపితే ఈ మనిషి మళ్ళీ ఆ పేటకే, ఆ పెళ్ళి పందిళ్ళ దగ్గరికే.

“మై పాస్‌పోర్ట్ ఈజ్ రెడీ.”

గీత మూడోసారి లేచింది. తెర అంచుని తాకేంత లేచింది, చాలాసేపు అలాగే ఉంది. దేవి కళ్ళలో నీళ్ళు నిండాయి. మెడ నరం ఒకటి ఎడమవైపు బిగిసి పొంగింది, తల తిరగలేదు. కెమెరా కంట్లోకి చూస్తూ, కన్ను ఆర్పకుండా, ఆఖరి వాక్యం చెప్పింది.

“ఐ యామ్ రెడీ టు జాయిన్ ఇమ్మీడియట్‌లీ. థ్యాంక్యూ సర్.”

ఝాన్సీ ఎర్ర చుక్క ఆపింది. వెంటనే తిరగేసి విన్నది. ఆ మూడు చోట్లా ఏమీ లేదు. ఊరికే నిశ్శబ్దం. వీడియో ఎక్కడా చెడలేదు, మొహం స్పష్టంగా ఉంది, కళ్ళు ఎక్కడా చెదరలేదు. వెలుతురు పూర్తిగా పోకముందే అనూరాధకి పంపేసింది. దేవి మైకు విప్పి బల్ల మీద పెట్టి, గొళ్ళెం తీసి వెళ్ళిపోయింది. ఏమైందని ఝాన్సీ అడగలేదు. అడగడానికి భయపడింది.

పది రోజుల తర్వాత అనూరాధ ఫోన్ చేసింది, గొంతులో పండగ పెట్టుకుని.

“సెలక్టయింది ఝాన్సీ గారూ! మీ దేవి వీడియో వాళ్ళకి తెగ నచ్చేసిందట. ఏం రాశారో తెలుసా? చాలా మంచి ఐ కాంటాక్ట్, చాలా ధైర్యంగల మనిషి అని. ఇకమీదట మీ నమూనా వీడియో ఇదే చేసెయ్యండి.”

దేవి సాయంత్రం షిఫ్టు దిగి వచ్చింది. ఝాన్సీ ఆ మాటలన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఐ కాంటాక్ట్ అంటే ఏమిటో కూడా చెప్పింది, చూపు పక్కకి తిప్పకపోవడమని. దేవి నవ్వలేదు. కుర్చీలో, ఈసారి నిండా వెనక్కి ఆనుకుని కూర్చుంది.

“ఆయనే పిలిసినాడు మేడమ్” అంది.

ఝాన్సీ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది.

“మొదటిసారి నమ్మనేదు. మీతో సెప్పినాను గదా, పలక్కూడదు. రెండోసారీ పలకనేదు. ఆ మనిసి కానిదే అయ్యుంతాదని గుండె రాయి సేసుకున్నాను. తరవాత మూడోసారి పిలిసినాడు. దానికి మూడోసారి రాదు మేడమ్. మూడోసారి పిలిసినాడంటే ఆయనే.”

“మరి...”

“నాకు ఇంకా ఒక్కటే వాక్యం ఉన్నాది సెప్పాల్సింది. ఆ ఒక్కటీ అయితే ఎల్లిపోవచ్చు. అందుకని సూడనేదు.” దేవి ఒళ్ళో చేతులు మడుచుకుంది. “ఆయన వీడియో సూసిన రోజు మీరు అడిగినారు గదా, ఎందుకు పలికినాడని. నాను పిలిసినాను. పేటలో, ఇంటికాడ. ఎల్లొద్దని, ఆయన వీడియోకొచ్చిన రోజు పొద్దుట్నుంచీ తగూ పడి, దీపాలేళ ఏడుపాగక గుమ్మంలోకొచ్చి గట్టిగా పేరెట్టి పిలిసినాను. మొగుడ్ని పేరెట్టి పిలవడం అదే మొదలు. ఇక్కడికి ఇనపడతాదా ఏటి? ఇనపడ్నాది. ఒక్కసారే పిలిసినాను మేడమ్. సిగ్గేసి ఊరుకున్నాను. మూడుసార్లు పిలిసుంటే లేసి వచ్చేసేవోడు.”

ఝాన్సీ కళ్ళు తుడుచుకుంది. “నీ తప్పేం లేదమ్మా” అంది. ఆ మాట ఎవరికీ ఎందుకూ కొరగాదని తెలిసీ అంది.

“ఒక్కసారి పిలిస్తేనే ఆయన ‘ఆఁ’ అన్నాడు. నాను మూడుసార్లు పిలిపించుకున్నాను, పలకనేదు.”

దేవి లేచింది. ఎప్పుడు బయల్దేరాలో అనూరాధని అడిగి ఫోన్ చేస్తానని ఝాన్సీ చెప్పింది. దేవి సరేనని తలుపు దాకా నడిచింది. బయట దీపాలు పెట్టే వేళయింది, కింద దర్జీ కొట్టులో లైటు వెలిగింది. గుమ్మంలో నిలబడి, మెట్ల వైపు చూసి, మెల్లగా, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు, “ఆఁ” అంది.

తర్వాత మెట్లు దిగింది. రేకు ఠంగుమంది. దేవి అడుగులు కింద వీధిలోకి వెళ్ళిపోయాక, కాసేపాగి, ఇంకోసారి ఠంగుమంది. ఝాన్సీ బల్ల దగ్గర, ఎదుటి తెల్లగోడ వైపే చూస్తూ కూర్చుంది.